ఇద్దరి జీతాలు కలిపితే 3 లక్షలు దాటుతోంది, ఉచిత లాయరుకు దరఖాస్తు ఎలా రాయాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఇంటి దొడ్డి తనదంటూ బాబాయి కొడుకు తెనాలి కోర్టులో ఇంజంక్షన్ దావా వేశాడు. ఈ నెల 6న నాకూ మా అమ్మకూ సమన్లు అందాయి, 27న వాయిదా. నేను రైస్ మిల్లులో మిషన్ ఆపరేటర్‌ని, జీతం 17,000. సంక్రాంతికి 10,000 బోనస్ ఇస్తారు. నా పేరున ఉన్న అరెకరం మీద ఏడాదికి 15,000 కౌలు వస్తుంది. మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో చేస్తుంది, 9,000. మేం బీసీలం. ప్రభుత్వం ఇచ్చే ఉచిత లాయరు మాకు వస్తారా? దరఖాస్తులో ఆదాయం ఎంత రాయాలి, కేసు గురించి ఏం రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీకూ, మీ అమ్మగారికీ ఇద్దరికీ వస్తుంది. కాకపోతే ఇద్దరికీ ఒకే కారణంతో రాదు, అందుకే రెండు దరఖాస్తులు విడివిడిగా రాయండి. నేను గుంటూరు జిల్లాలో చాలా ఏళ్లు న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచిత కేసులు చూసే ప్యానెల్ లాయరుగా పనిచేశాను. మీలాంటి కేసుల్లో ఇంట్లో అందరి జీతాలూ కూడేసుకుని, మనకు రాదులే అని అనుకుని అప్పు చేసి ఫీజు కట్టినవాళ్లను చూశాను.

ముందు అమ్మగారి సంగతి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో సెక్షన్ 12 ఎవరెవరికి ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలో చెబుతుంది. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వరదల్లాంటి విపత్తుల్లో నష్టపోయినవాళ్లు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు, ఇంకా ఒకటి రెండు వర్గాలు అందులో ఉన్నాయి. వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేదు. మీ అమ్మగారు మహిళ, అదొక్కటే చాలు. ఆమె దరఖాస్తుకు ఆధార్ జిరాక్స్, సమన్ల జిరాక్స్ పెడితే సరిపోతుంది. ఎవరైనా ఆమెను ఇన్‌కమ్ సర్టిఫికెట్ అడిగితే, 'సెక్షన్ 12(సి) కింద అడుగుతున్నామండీ' అని మర్యాదగా చెప్పండి. బీసీ అనే వర్గం మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. కాబట్టి కుల ధ్రువీకరణ కోసం తిరగొద్దు, మీకు దానితో పని పడదు.

ఇక మీరు. చాలామంది గమనించని దారి ఒకటి మీకుంది. అదే సెక్షన్‌లో (ఎఫ్) కింద పారిశ్రామిక కార్మికుడు అని ఉంది. మిల్లులో మిషన్ నడిపే మనిషి దాని కిందికి వస్తాడు. కేసు మిల్లు గొడవే కానక్కర్లేదు, ఇంటి స్థలం కేసైనా సరే. సూపర్‌వైజరు, మేనేజరు లాంటి ఉద్యోగమైతే ఈ దారి కష్టం, ఆపరేటరుకు ఇబ్బంది లేదు. ఈఎస్ఐ కార్డో, పీఎఫ్ స్లిప్పో, మిల్లు ఇచ్చిన గుర్తింపు కార్డో ఏది ఉంటే అది జతచేయండి. అయితే ఆఫీసుల్లో ఈ కారణంతో వచ్చే దరఖాస్తులు తక్కువ. అలవాటుగా ముందు ఆదాయమే అడుగుతారు. అందుకని రెండు కారణాలూ రాయండి: మొదట కార్మికుడిగా, తర్వాత తక్కువ ఆదాయం ఉన్న వ్యక్తిగా. ఏదో ఒక్కటి నిలిచినా చాలని సెక్షన్ 13లోనే ఉంది.

ఆదాయం దగ్గరే మీకు అసలు గందరగోళం. సెక్షన్ 12(హెచ్) ప్రకారం పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మన దగ్గర, అటు తెలంగాణలో కూడా, అది ఏడాదికి 3 లక్షలు. సుప్రీంకోర్టు కేసులకు 5 లక్షలు. అక్కడ చట్టం మాట్లాడేది కేసులో ఉన్న వ్యక్తికి వచ్చే ఆదాయం గురించి. కేసు మీ మీద ఉంది, మీ ఆవిడ మీద లేదు. కాబట్టి మీ లెక్క ఇలా వేయండి. జీతం నెలకు 17,000 చొప్పున 12 నెలలకు 2,04,000. బోనస్ 10,000. కౌలు 15,000. మొత్తం 2,29,000. పరిమితికి లోపలే ఉన్నారు.

బోనస్, కౌలు ఎందుకు కలిపానని అనుకోవచ్చు. ఆదాయం అంటే అన్ని దారుల్లో వచ్చేదీ అని అర్థం. జీతం ఒక్కటే చూపించి కౌలు వదిలేస్తే, రేపు మీ బాబాయి కొడుకే ఒక అర్జీ పెట్టి 'వీళ్లకు పొలం ఉంది, దాచారు' అంటాడు. ఊళ్లో మీ కౌలుదారు ఎవరో అతనికి తెలియదా? తప్పుడు వివరాలతో పొందిన సహాయాన్ని మధ్యలోనే ఆపేయొచ్చు, అబద్ధపు అఫిడవిట్ మీద కేసు కూడా పెట్టొచ్చు. నిజం రాసినా 2,29,000 దగ్గరే ఆగుతున్నప్పుడు దాచాల్సిన అవసరమే లేదు. అలాగే స్థలం ఉంది, పొలం ఉంది అని భయపడకండి. చట్టం చూసేది ఏడాది ఆదాయాన్ని, ఆస్తి విలువను కాదు.

మరి మీ ఆవిడ జీతం? దాన్నీ దాచొద్దు. 'నా భార్య ప్రైవేట్ పాఠశాలలో పనిచేస్తూ నెలకు 9,000 సంపాదిస్తోంది, అది ఆమె సొంత ఆదాయం' అని వేరే వాక్యంగా రాయండి. అలా రాస్తే ఎవరూ తర్వాత వేలెత్తి చూపలేరు, మీ అంకెలోకీ అది చేరదు. ఇక్కడొక తిరకాసు ఉంది. గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్ కుటుంబ ఆదాయానికి ఇస్తారు. అందులో మీది 2,29,000, ఆవిడది 1,08,000 కలిసి 3,37,000 అని వస్తే, గుమాస్తా ఆ కాగితం చూసి 'పరిమితి దాటింది' అనేస్తాడు. అందుకని మీ కేసులో సర్టిఫికెట్ వెంట పడకుండా అఫిడవిట్ ఇవ్వడం మేలు. ఆదాయం గురించి దరఖాస్తుదారు ఇచ్చిన అఫిడవిట్‌ను నమ్మకపోవడానికి కారణం ఏదీ లేకపోతే, అర్హతకు అది సరిపోతుందని సెక్షన్ 13(2) చెబుతోంది. నమూనా, కోర్టు ఆవరణలో దరఖాస్తులు తీసుకునే సంస్థ ఫ్రంట్ ఆఫీసులోనే అడిగి తీసుకోండి. దానికి మూడు నెలల జీతం స్లిప్పులు గానీ, జీతం పడే బ్యాంకు పాస్‌బుక్ పేజీలు గానీ జతచేస్తే అనుమానానికి చోటుండదు.

ఇంకోమాట. పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎప్పుడో తీయించిన సర్టిఫికెట్ చాలా ఇళ్లలో బీరువాలో ఉంటుంది. అందులో ఆదాయం 80,000 అనో లక్ష అనో ఉంటుంది. మీ దగ్గర అలాంటిది ఉంటే దాన్ని ఈ దరఖాస్తుకు వాడకండి. ఒక కాగితంలో లక్ష, పాస్‌బుక్‌లో రెండు లక్షలు కనిపిస్తే మీ అఫిడవిట్ మీదే నమ్మకం పోతుంది.

ఇప్పుడు కేసు స్వభావం. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కొందరు 'స్థలం గొడవ' అని ఒక్క ముక్క రాస్తారు, కొందరు తాతల కాలం నుంచి మొదలుపెట్టి నాలుగు పేజీలు రాస్తారు. రెండూ పనికిరావు. అర్హత ఉన్నా సరే, వాదించడానికో ఎదుర్కోవడానికో పైకి కనబడే ఆధారం కేసులో ఉందని సంస్థకు నమ్మకం కలగాలి, అది సెక్షన్ 13(1) పెట్టిన షరతు. మీరు గెలుస్తారని అక్కడ రుజువు చేయక్కర్లేదు. అవతలివాడి మాటకు మీ దగ్గర జవాబుందని కనబడాలి, అంతే.

ఇంజంక్షన్ దావాలో ప్రధానంగా తేలాల్సింది దావా వేసిన రోజుకు స్థలం ఎవరి స్వాధీనంలో ఉందన్నది. కాబట్టి మీ రాత అంతా దాని చుట్టూ తిరగాలి. దొడ్డిలో ఏముంది, ఎప్పటి నుంచి మీరు వాడుతున్నారు, దానికి కాగితం ఏముంది. ఇంటి పన్ను రసీదులు ఎవరి పేరున ఉన్నాయి, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, పంపకాల కాగితం ఉంటే అది ఏ సంవత్సరంది. పంపకాల కాగితం రిజిస్టర్ కాకపోతే 'రిజిస్టర్ కాలేదు' అనే రాయండి. దాన్ని ఎలా వాడాలో లాయరు చూసుకుంటారు, ముందే తెలిస్తే ఆయనకే మంచిది. బాబాయి కొడుకు తాగుబోతు, ఊళ్లో అందరితో తగాదా అన్న మాటలు వద్దు.

మీ వివరాలతో నేనైతే ఇలా రాస్తాను. దొడ్డి గురించి మీరు చెప్పని సంగతులు నేను ఊహించి రాశాను, అవీ, అంకెలూ, తేదీలూ మీ కాగితాలు చూసి సరిచేసుకోండి:

'గౌరవనీయులైన ఛైర్మన్ గారికి, మండల న్యాయ సేవాధికార సంస్థ, తెనాలి.

అయ్యా,

విషయం: ఓ.ఎస్. నెం. ……లో ప్రతివాదిగా వాదించుకోవడానికి ఉచిత న్యాయ సహాయం కోరుతూ దరఖాస్తు.

నేను పై దావాలో 1వ ప్రతివాదిని. సమన్లు ఈ నెల 6న అందాయి. వాయిదా 27న ఉంది. దావాతో పాటు తాత్కాలిక ఇంజంక్షన్ కోరుతూ ఐ.ఏ. నెం. …… కూడా వేశారు. 2వ ప్రతివాది మా అమ్మగారు. ఆమె విడిగా దరఖాస్తు చేసుకుంటున్నారు.

అర్హత: నేను రైస్ మిల్లులో మిషన్ ఆపరేటరుగా పనిచేసే కార్మికుడిని, సెక్షన్ 12(ఎఫ్). అదీకాక నా వార్షిక ఆదాయం 3 లక్షల లోపు, సెక్షన్ 12(హెచ్). జీతం 2,04,000, బోనస్ 10,000, కౌలు 15,000, మొత్తం 2,29,000 రూపాయలు. నా భార్యకు నెలకు 9,000 సొంత జీతం ఉంది. ఆమె ఈ దావాలో పార్టీ కాదు. ఆదాయంపై అఫిడవిట్ జతచేశాను.

కేసు వివరం: మా ఇంటికి తూర్పున ఉన్న 2 సెంట్ల దొడ్డి తన స్వాధీనంలో ఉందని వాది చెబుతున్నారు. అది నిజం కాదు. …… సంవత్సరంలో మా నాన్నగారికీ వాది తండ్రికీ మధ్య జరిగిన పంపకంలో ఆ దొడ్డి మా వాటాకు వచ్చింది. ఆ పంపకాల కాగితం రిజిస్టర్ కాలేదు. అప్పటి నుంచి అందులో మా పశువుల పాక, గడ్డివాము ఉన్నాయి. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు మా నాన్నగారి పేరున ఉన్నాయి.

ఈ కేసులో నేను వేరే లాయరును పెట్టుకోలేదు. 27న ఐ.ఏ.కు జవాబుగా వేసే కౌంటరుకు గడువు కోరవలసి ఉన్నందున త్వరగా లాయరును నియమించగలరని ప్రార్థన.'

కింద సంతకం, చిరునామా, ఫోన్ నెంబరు, జతచేసిన కాగితాల వరుస. అమ్మగారి దరఖాస్తులో అర్హత పేరా ఒక్కటే మారుతుంది: 'నేను మహిళను, సెక్షన్ 12(సి)'. ఆమె సంతకం చేయలేకపోతే వేలిముద్ర వేయొచ్చు. రాసింది చదివి వినిపించినవాళ్లు పక్కన సంతకం చేస్తారు.

ఫ్రంట్ ఆఫీసులో అచ్చు ఫారం కూడా ఉంటుంది. అది నింపి, ఈ తెల్లకాగితం దానికి జతచేయండి, ఎందుకంటే ఫారంలో కేసు వివరానికి ఇచ్చే చోటు రెండు లైన్లకు మించదు. తెలుగులో రాస్తే చాలు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే అక్కడి పారాలీగల్ వాలంటీరు రాసిపెడతారు. మీ దావా తెనాలిలోనే ఉంది కాబట్టి తెనాలి కోర్టు ఆవరణలోనే ఇవ్వండి. గుంటూరులో జిల్లా సంస్థకు ఇచ్చినా తీసుకుంటారు, nalsa.gov.in లో ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు, 15100 కు ఫోన్ చేసి అడగొచ్చు. కానీ మీకు వాయిదా దగ్గర్లో ఉంది, చేతికిచ్చి రసీదు తీసుకోవడమే మంచిది. రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు కాపీ 27న మీకు పనికొస్తుంది.

ఎందుకంటే, దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన కోర్టు గడువు ఆగదు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరిగాయి. దరఖాస్తుపై ఏడు రోజుల్లోపు నిర్ణయం తీసుకోవాలని నిబంధన ఉంది. మీరు ఈ వారంలో ఇస్తే 27 నాటికి లాయరు ఖరారు కావాలి. ఒకవేళ కాకపోతే ఇంట్లో కూర్చోవద్దు. మీరూ అమ్మగారూ ఉదయం పదిన్నరకల్లా కోర్టులో ఉండండి. మీ కేసు పిలిచినప్పుడు ముందుకెళ్లి, 'న్యాయ సహాయానికి దరఖాస్తు పెట్టామండీ, లాయరును ఇంకా ఇవ్వలేదు, కౌంటరుకు గడువు ఇప్పించండి' అని చెప్పి స్టాంపు కాపీ చూపించండి. మీరు రాకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపిస్తారు. ఐ.ఏ.లో అవతలివాళ్లకు తాత్కాలిక ఇంజంక్షన్ కూడా వచ్చేయొచ్చు. ఆ తర్వాత దాన్ని తీయించుకోవడం చాలా ప్రయాస. ఇక దావాకు మీ రాతపూర్వక జవాబు, అంటే వాదోత్తర పత్రం, సమన్లు అందిన 30 రోజుల్లో వేయాలి, అంటే మీకు వచ్చే నెల 5, 6 తేదీలకల్లా. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా పొడిగిస్తుంది. ఆ వెసులుబాటు ఉంది కదా అని ఆలస్యం చేయకండి.

లాయరును నియమించాక సంస్థ ఉత్తరం ఇస్తుంది, కాపీ మీకూ వస్తుంది. వకాలత్ మీద సంతకాలు పెట్టి, కాగితాలన్నీ జిరాక్స్ తీసి ఇవ్వండి. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. ఆయన ఫీజు సంస్థ ఇస్తుంది, మీ దగ్గర తీసుకోకూడదు. కాపీల ఖర్చు, ప్రాసెస్ ఫీజులు, కేసుకు అయ్యే మిగతా చార్జీలు కూడా న్యాయ సహాయంలో భాగమే. ఇలాంటి దొడ్డి కేసుల్లో స్థలం కొలవడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని ఎవరో ఒకరు అడుగుతారు. మీ తరఫున అడిగితే ఆ కమిషనర్ ఫీజు వేలల్లో మీ మీద పడుతుంది. అప్పుడు మీరు జేబులోంచి తీయకుండా, ఆ ఖర్చు భరించమని సంస్థకు లిఖితపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఎవరైనా 'ఖర్చులకు' అని చేయి చాపితే సంస్థ కార్యదర్శికి కాగితం మీద ఫిర్యాదు పెట్టండి. వాయిదాలకు రాకపోతే లాయరును మార్చమని కూడా అడగొచ్చు. మీరు చేయకూడని పని ఒకటుంది. అసహనం వచ్చి పక్కన ఇంకో ప్రైవేట్ లాయరును పెట్టుకుంటే, ఉచిత సహాయం రద్దయ్యే కారణాల్లో అదీ ఒకటి.

మీ దరఖాస్తు తిరస్కరిస్తే? కారణం రాసి ఇమ్మని అడగండి. కుటుంబ ఆదాయం దాటిందని రాస్తే ఛైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా సంస్థకు ఛైర్మన్ ప్రిన్సిపల్ జిల్లా జడ్జి గారే. ఆ అప్పీలులో 'వ్యక్తి ఆదాయం' అన్న మాట, సెక్షన్ 12(ఎఫ్), అఫిడవిట్ గురించిన 13(2), ఈ మూడూ రాస్తే చాలు.

అది తేలేదాకా కూడా మీకు దారి మూసుకుపోదు. అమ్మగారికి లాయరు ఎలాగూ వస్తారు. ఆమె తరఫున వేసిన వాదోత్తర పత్రాన్నే నా జవాబుగా తీసుకోండని మీరు కోర్టులో అడాప్షన్ మెమో వేసుకోవచ్చు. మన కోర్టుల్లో ఇది రోజూ జరిగేదే. మీ ఇద్దరిదీ ఒకే వాదన కాబట్టి ఇబ్బంది ఉండదు. ఐ.ఏ. కౌంటరుకూ అంతే. అందుకే రెండు దరఖాస్తులూ ఒకే రోజు ఇచ్చినా, అమ్మగారిది పైన పెట్టి ఇవ్వండి.

ఇది అన్నదమ్ముల పిల్లల తగాదా కాబట్టి, సంస్థవాళ్లు లోక్ అదాలత్‌లో కూర్చుని మాట్లాడుకోమని అడగొచ్చు. వెళ్లడంలో తప్పులేదు, ఒప్పుకోవాలన్న నిర్బంధమూ లేదు. అక్కడ సంతకం పెడితే మాత్రం ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. కాబట్టి ఎన్ని సెంట్లు ఎవరికి, హద్దు ఎక్కడ అన్నది కొలతలతో రాసుందో లేదో మీ లాయరుతో చదివించుకున్నాకే పెట్టండి.

ఐ.ఏ.తో పాటు మీకు వచ్చిన కాగితాల్లో వాది అఫిడవిట్ ఉంటుంది. అందులో అతను దొడ్డికి చెప్పిన హద్దులు నాలుగూ టైప్ చేసి ఇక్కడ పెట్టండి. మీ బాబాయి పేరు, ఊరి పేరు, సర్వే నెంబరు తీసేసి పెట్టండి. హద్దులు మీ పన్ను రసీదుతో కలవకపోతే దరఖాస్తులో ఇంకో వాక్యం చేర్చాల్సి రావచ్చు.